ఐదో అంతస్తు దగ్గర ఆగాల్సిన అంకె

హైదరాబాదులో అపార్టుమెంట్లు చాలావరకు ఒకే మూసలో కనిపిస్తాయి. అడుగున బండ్లు పెట్టుకునే స్టిల్టు, దాని మీద ఐదు అంతస్తులు. లిఫ్టు తలుపు పైన ఒక ఎర్ర అంకె వెలుగుతూ ఉంటుంది. లిఫ్టు పైకి పోతుంటే అంకె పెరుగుతుంది, దిగుతుంటే తగ్గుతుంది. చూసేవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. కానీ ఆ అంకెను వేసే సర్క్యూటుకు లిఫ్టు ఎక్కడుందో కనిపించదు. దానికి అందేవి రెండే రెండు కబుర్లు. ఇప్పుడే ఒక హద్దు దాటిందని ఒకటి, పోతున్నది పైకా కిందికా అని ఇంకొకటి. మిగతాదంతా అది గుర్తుపెట్టుకుని లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇప్పటి లిఫ్టుల్లో ఈ పని మైక్రోకంట్రోలర్ చేస్తుంది. అయితే ఇదే పనిని మూడు ఫ్లిప్‌ఫ్లాపులతో, కొన్ని గేట్లతో చేయవచ్చు. డిప్లొమాలో గానీ ఇంజినీరింగులో గానీ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకు ఇది తెలిసిన సర్క్యూటే. దాని పేరు సింక్రనస్ అప్-డౌన్ కౌంటర్. పాఠ్యపుస్తకంలో అది సున్నా నుంచి ఏడు దాకా ఎక్కి, ఏడు తర్వాత మళ్ళీ సున్నాకు వస్తుంది. దిగేటప్పుడు సున్నా తర్వాత ఏడుకు పోతుంది. పరీక్షలో మార్కులు పడటానికి ఆ చుట్టు తిరుగుడు సరిపోతుంది. మన అపార్టుమెంటుకు సరిపోదు. ఐదో అంతస్తు మీద ఇంకో అంతస్తు లేదు, స్టిల్టు కింద ఇంకో మెట్టు లేదు. రెండు కొసల దగ్గరా అంకె ఆగాలి. అలా ఆగే కౌంటర్‌ను మొదటి గీత నుంచి చివరి తీగ దాకా ఇక్కడ తయారుచేద్దాం.

ముందు సరంజామా సంగతి. ప్రతి రెండు అంతస్తుల మధ్యా, సరిగ్గా సగం ఎత్తులో, లిఫ్టు దారి గోడకు ఒక అయస్కాంతం బిగించామనుకోండి. లిఫ్టు పెట్టెకు ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా అది మూసుకుని ఒక పల్సు పంపిస్తుంది. ఆరు స్థానాల మధ్య సందులు ఐదే కాబట్టి అయస్కాంతాలు ఐదు. స్టిల్టు నుంచి పై దాకా ఒకసారి వెళ్తే ఐదు పల్సులు వస్తాయి. ఈ పల్సే కౌంటర్‌కు క్లాకు. రెండో తీగ మోటారు కంట్రోలు నుంచి వస్తుంది. లిఫ్టు పైకి పోతుంటే దాని మీద 1, కిందికి పోతుంటే 0. దాన్ని M అందాం. సున్నా నుంచి ఐదు దాకా అంకెలను ద్విసంఖ్యామానంలో రాయడానికి మూడు బిట్లు చాలు: 000, 001, 010, 011, 100, 101. వాటిని ఎడమ నుంచి Q2, Q1, Q0 అని పిలుద్దాం. ఒక్కో బిట్టును దాచుకోవడానికి ఒక్కో ఫ్లిప్‌ఫ్లాపు కావాలి.

ఫ్లిప్‌ఫ్లాపు అంటే 0 గానీ 1 గానీ పట్టుకుని ఉండే చిన్న జ్ఞాపకం. ఇంగ్లండులో ఎకిల్స్, జోర్డాన్ అనే ఇద్దరు 1918లో రేడియో వాల్వులతో దీనికి పేటెంట్ అడిగారు. ఇందులో రకాలున్నాయి గానీ లెక్కపెట్టే పనికి ఇంపుగా కుదిరేది టి రకం. ఒకసారి నొక్కితే వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరే టేబుల్ ల్యాంపు బొత్తాం లాంటిది ఇది. దీనికి T అనే ఒక్క ఇన్‌పుట్ ఉంటుంది. క్లాకు పల్సు వచ్చిన క్షణాన T మీద 1 ఉంటే లోపలి బిట్టు తిరగబడుతుంది. T మీద 0 ఉంటే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. దాన్ని 1 చెయ్యమనో 0 చెయ్యమనో అడగడం ఉండదు. మారాలా, వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న. అంకె ఒకటి పెరిగినా తగ్గినా నిజంగా జరిగేది కొన్ని బిట్లు మారడం, కొన్ని మారకపోవడమే కాబట్టి ఈ ప్రశ్న లెక్కకు అతికినట్టు సరిపోతుంది.

మామూలుగా ఫ్లిప్‌ఫ్లాపు గురించి చెప్పేటప్పుడు ఇన్‌పుట్ ఇస్తే ఏమవుతుందో చెబుతారు. డిజైన్ చేసేవాడికి కావాల్సింది దానికి తలకిందులు. ఇప్పుడు బిట్టు ఇలా ఉంది, తర్వాత ఇలా ఉండాలి, దానికోసం ఇన్‌పుట్ మీద ఏం పెట్టాలి? దీనికి జవాబు చెప్పే పట్టికనే ఎక్సైటేషన్ టేబుల్ అంటారు. టి ఫ్లిప్‌ఫ్లాపుకు అది నాలుగే వరుసలు. 0 నుంచి 0కు పోవాలంటే T = 0. 0 నుంచి 1కి పోవాలంటే T = 1. 1 నుంచి 0కు కూడా T = 1. 1 నుంచి 1కి T = 0. అంటే ఇప్పటిదీ తర్వాతదీ ఒకటే అయితే సున్నా, వేరైతే ఒకటి. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తేడా చూస్తే చాలు. జేకే రకంతో చేస్తే ఒక్కో బిట్టుకు రెండు ఇన్‌పుట్లు నింపాలి. పట్టిక వెడల్పు రెట్టింపవుతుంది. ఈ పనికి టి రకాన్ని ఎంచుకోవడంలో ఉన్న సుఖం అదే.

ఇక అసలు నిర్ణయం. కొసల దగ్గర ఏం జరగాలి? ఐదులో ఉండగా M = 1తో ఇంకో పల్సు వస్తే ఐదులోనే ఉండాలని, సున్నాలో ఉండగా M = 0తో పల్సు వస్తే సున్నాలోనే ఉండాలని పెట్టుకుందాం. లిఫ్టు ఐదు దాటి పోదు కదా, అలాంటి పల్సు ఎందుకొస్తుంది అని అడగవచ్చు. లిఫ్టు సరిగ్గా నడిచినంతకాలం రాదు. లెక్క తప్పినప్పుడు వస్తుంది, ఈ నిర్ణయం అప్పుడే పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. లిఫ్టు స్టిల్టు నుంచి ఎక్కుతోంది. దుమ్ము పేరుకునో, స్విచ్ సరిగా మూసుకోకో ఒక పల్సు పోయింది. లిఫ్టు ఐదో అంతస్తుకు చేరింది, బోర్డు మీద మాత్రం 4 ఉంది. ఇప్పుడు అది స్టిల్టుకు దిగుతుంది. ఐదు పల్సులు వస్తాయి. చుట్టు తిరిగే ఆరంకెల కౌంటర్ అయితే 3, 2, 1, 0 అని దిగి ఐదో పల్సుకు 5 చూపిస్తుంది. స్టిల్టులో నిలబడ్డ మనిషికి ఐదో అంతస్తు అని చెబుతుంది. ఆ తప్పు ఎవరో వచ్చి సరిచేసే దాకా అలాగే తిరుగుతూ ఉంటుంది. కొసల్లో ఆగే కౌంటర్ కూడా నాలుగు పల్సులకు సున్నాకు వస్తుంది. ఐదో పల్సుకు మాత్రం కదలదు. లిఫ్టూ సున్నాలోనే ఉంది, అంకే సున్నాలోనే ఉంది. లెక్క దానంతట అదే కుదిరింది. ఒక పల్సు ఎక్కువ వచ్చినా ఇంతే, పై కొస దగ్గర సర్దుకుంటుంది. లెక్క తక్కువైతే అడుగున కుదురుతుంది, ఎక్కువైతే పైన కుదురుతుంది. తేడా రెండైనా మూడైనా, లిఫ్టు ఒకసారి ఆ కొసకు వెళ్ళి వస్తే చాలు. ఇందుకోసం అదనంగా పెట్టిన సెన్సర్ ఒక్కటీ లేదు. పట్టికలో రెండు వరుసలు మాత్రం వేరుగా రాశాం.

ఆ పట్టిక ఇది. M ఒక బిట్టు, Qలు మూడు బిట్లు, మొత్తం నాలుగు కాబట్టి వరుసలు పదహారు. మన దగ్గర 6, 7 అనే అంతస్తులు లేవు గనక ఆ నాలుగు వరుసల్లో ఏమొచ్చినా ఫర్వాలేదని x పెట్టాం. వీటిని డోంట్ కేర్ అంటారు.

```
M   ఇప్పుడు   తర్వాత   T2 T1 T0
1    000      001      0  0  1
1    001      010      0  1  1
1    010      011      0  0  1
1    011      100      1  1  1
1    100      101      0  0  1
1    101      101      0  0  0
1    110      xxx      x  x  x
1    111      xxx      x  x  x
0    000      000      0  0  0
0    001      000      0  0  1
0    010      001      0  1  1
0    011      010      0  0  1
0    100      011      1  1  1
0    101      100      0  0  1
0    110      xxx      x  x  x
0    111      xxx      x  x  x
```

ఎలా నింపామో ఒక్క వరుస చూస్తే తెలిసిపోతుంది. మూడు నుంచి పైకి పోతే నాలుగు రావాలి. 011 నుంచి 100కు. మూడు బిట్లూ మారాయి కాబట్టి మూడు Tలూ 1. ఐదు నుంచి పైకి పోతే ఐదే. ఏ బిట్టూ మారలేదు కాబట్టి మూడు Tలూ 0. దిశ చెప్పే M కోసం ఇక్కడ ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. అది పట్టికలో ఇంకో నిలువు గడి, అంతే. ఎక్కడం ఒక కౌంటర్, దిగడం ఇంకో కౌంటర్ అని విడివిడిగా కట్టి మధ్యలో మార్చే స్విచ్ పెట్టాలని మొదట్లో చాలామందికి అనిపిస్తుంది. పట్టికకు ఆ తేడా తెలియదు. ఇప్పుడున్న అంకె, M విలువ, ఈ రెండూ కలిసి తర్వాతి అంకెను నిర్ణయిస్తాయి.

పట్టిక నింపాక మిగిలేది కూడికలు, కుదింపులు. T2 ఎక్కడెక్కడ 1 అయిందో చూసి, వాటిని అతి తక్కువ గేట్లతో రాసుకోవాలి. ఇందుకు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మారిస్ కార్నో 1953లో ప్రచురించిన గళ్ళ పటం వాడతారు. పదహారు గళ్ళలో 1లు వేసి, పక్కపక్కనున్నవాటిని జతలుగా, నాలుగేసిగా చుట్టడమే పద్ధతి. x ఉన్న గడిని మనకు లాభం ఉంటే 1 అనుకోవచ్చు, లేకపోతే 0 అనుకోవచ్చు. అలా చేస్తే వచ్చేవి ఇవి. గుర్తు పక్కన ఉన్న గీత తిరగేసిన విలువకు సంకేతం.

```
T2 = M·Q1·Q0 + M'·Q2·Q0'
T1 = M·Q2'·Q0 + M'·Q0'·(Q2 + Q1)
T0 = (M·Q2·Q0 + M'·Q2'·Q1'·Q0')'
```

ఈ సూత్రాలను మాటల్లోకి మార్చి చదివితే భయం పోతుంది. T0 చెప్పేదేమిటంటే: పైకి పోతూ ఐదులో ఉంటే తప్ప, కిందికి పోతూ సున్నాలో ఉంటే తప్ప, ఒకట్ల స్థానం ప్రతి పల్సుకూ మారుతుంది. పాఠ్యపుస్తకపు కౌంటర్‌లో T0ను నేరుగా 5 వోల్టులకు కలిపేస్తారు, అది ఎప్పుడూ 1. మనం పెట్టిన రెండు మినహాయింపులే కొసల్లో ఆపే పని చేస్తున్నాయి. T2 మొదటి సగం చెప్పేది: పైకి పోతూ, కింది రెండు బిట్లూ నిండిపోయి ఉంటే పెద్ద బిట్టు మారుతుంది. మనం కాగితం మీద కూడేటప్పుడు తొమ్మిదులు నిండితే పై స్థానానికి ఒకటి మోసుకుపోయినట్టే. రెండో సగం దిగేటప్పటి అప్పు. నాలుగు నుంచి మూడుకు దిగాలంటే కింద సున్నాలే ఉన్నాయి గనక పై స్థానం నుంచి తెచ్చుకోవాలి. అక్కడ Q1' రాయాల్సి ఉన్నా రాయలేదు. దిగేటప్పుడు Q2 = 1, Q0 = 0 అయ్యే అంకెలు నాలుగూ ఆరూ మాత్రమే. ఆరు మనకు లేదు కాబట్టి ఒక ఇన్‌పుట్ మిగిలింది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని తీగలు పట్టుకుంటారు. కానీ ఒక లెక్క బాకీ ఉంది. డోంట్ కేర్ అన్నాం గానీ, అలా వదిలేసిన 6, 7 స్థితులు నిజంగా రావా? వస్తాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్లిప్‌ఫ్లాపులు ఏ విలువతో లేస్తాయో వాటి ఇష్టం. మూడు బిట్లకు ఎనిమిది అవకాశాలు, అందులో రెండు మన పరిధిలో లేనివి. కాబట్టి సూత్రాలు రాశాక వెనక్కి తిరిగి, x పెట్టిన వరుసల్లో అవి ఏం చేస్తున్నాయో చూసుకోవాలి. ఆరులో ఉండి పైకి పోతే T2 = 0, T1 = 0, T0 = 1. అంటే ఏడుకు పోతుంది. ఏడులో ఉండి పైకి పోతే T2 ఒక్కటే 1, మూడుకు వస్తుంది. ఏడులో ఉండి కిందికి పోతే T0 ఒక్కటే 1, ఆరుకు వస్తుంది. ఆరులో ఉండి కిందికి పోతే మూడూ 1, ఒకటికి వస్తుంది. అంటే ఒకే దిశలో రెండు పల్సులు వస్తే కౌంటర్ ఖాయంగా అసలు పరిధిలోకి వచ్చేస్తుంది. వచ్చిన అంకె తప్పే కావచ్చు, ఆ తప్పును కొసలు సర్దుతాయి. ఎవరో రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్యే పైకీ కిందికీ తిరుగుతూ ఉంటే మాత్రం బోర్డు మీద ఆరు, ఏడు, ఆరు, ఏడు అని లేని అంతస్తులు కనబడతాయి.

అదృష్టం ఎప్పుడూ ఇలా ఉండదు. జాగ్రత్త కోసమని x గళ్ళన్నిటినీ 0 అనుకుని T2 మొదటి ముక్కను M·Q2'·Q1·Q0 అని రాశారనుకోండి. పట్టికలోని పన్నెండు అసలు వరుసలకూ అది సరిగ్గానే పనిచేస్తుంది, పరీక్షలో కూడా తప్పు పట్టరు. కానీ ఏడులో లేచి పైకి పోయినప్పుడు మూడు Tలూ సున్నా అయి అది అక్కడే పాతుకుపోతుంది. లిఫ్టు దిగేదాకా ఎన్ని పల్సులు వచ్చినా కదలదు. ఎక్కువ గేట్లు పెట్టి తక్కువ మంచి సర్క్యూటు తయారుచేయడం అంటే ఇదే. వాడని స్థితులను ఒక్కసారి నడిపి చూడకుండా డిజైన్ పూర్తయిందనడం నా దృష్టిలో సగం పనే. ఎలాగూ కరెంటు వచ్చిన వెంటనే లిఫ్టును స్టిల్టుకు పంపి, అక్కడ క్లియర్ ఇన్‌పుట్ నొక్కి 000 చేయడం మంచి పద్ధతి. అయినా క్లియర్ పనిచేయని రోజున ఈ లెక్కే కాపాడుతుంది.

సింక్రనస్ అనే మాట సంగతి ఇంకా చెప్పలేదు. మూడు ఫ్లిప్‌ఫ్లాపులకూ ఒకే క్లాకు తీగ పోతుందని దాని అర్థం. మూడూ ఒకే క్షణాన తమ T చూసుకుని మారతాయి. ఇంతకన్నా చవకైన పద్ధతి ఒకటుంది. అందులో పల్సు మొదటి ఫ్లిప్‌ఫ్లాపుకు మాత్రమే పోతుంది, దాని ఔట్‌పుట్ రెండోదానికి క్లాకు, రెండోదాని ఔట్‌పుట్ మూడోదానికి. దీన్ని రిపుల్ కౌంటర్ అంటారు. పైకి మాత్రమే లెక్కపెట్టాలంటే అది బాగానే పనిచేస్తుంది. దిశ మార్చాలన్నప్పుడు దాని బండారం బయటపడుతుంది.

అందులో పైకి లెక్కకు ముందుదాని Q క్లాకుగా వెళ్ళాలి, కిందికి లెక్కకు దాని తిరగేసిన విలువ వెళ్ళాలి. ఏది వెళ్ళాలో M నిర్ణయిస్తుంది. ఫ్లిప్‌ఫ్లాపులు క్లాకు 1 నుంచి 0కు పడినప్పుడు స్పందించే రకం అనుకుందాం. లిఫ్టు మూడో అంతస్తులో ఆగి ఉంది, బిట్లు 011. ఎవరో కిందికి బొత్తాం నొక్కారు, M 1 నుంచి 0కు మారింది. లిఫ్టు ఇంకా కదల్లేదు. కానీ Q0 = 1 కాబట్టి రెండో ఫ్లిప్‌ఫ్లాపు క్లాకు తీగ మీద 1 పోయి, తిరగేసిన విలువ 0 వచ్చింది. దానికి అది పల్సులాగే కనిపించి Q1 తిరగబడి 0 అయింది. Q1 కూడా అప్పటిదాకా 1 కావడంతో మూడోదాని తీగ కూడా పడింది, Q2 తిరగబడి 1 అయింది. 011 కాస్తా 101 అయింది. మూడో అంతస్తులో నిలబడి కిందికి నొక్కినవాడికి బోర్డు 5 చూపించింది. మన సర్క్యూటులో M క్లాకు దారిలోకి అడుగు పెట్టదు. T లెక్కలోనే ఉంటుంది. పల్సు రాని సమయంలో అది ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగినా ఏ బిట్టూ కదలదు. పల్సు వచ్చే సమయానికి కాస్త ముందు నుంచి నిలకడగా ఉంటే చాలు. టీటీఎల్ చిప్పులకు ఆ కాస్త అంటే కొన్ని పదుల నానోసెకన్లు. లిఫ్టు దిశ మారేది ఆగి ఉన్నప్పుడే కాబట్టి ఇక్కడ ఆ షరతు దానంతట అదే తీరుతుంది.

కట్టి చూడాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. కోఠీ గుజరాతీ గల్లీలో టి ఫ్లిప్‌ఫ్లాపు చిప్పు కావాలని అడిగితే దొరకడం కష్టం. అందరూ వాడేది జేకే రకం. 74LS76లో అలాంటివి రెండుంటాయి. దాని J, K కాళ్ళను కలిపేస్తే అదే T అవుతుంది. మూడు కావాలి కాబట్టి రెండు చిప్పులు. వీటిలో ఒక తిరకాసుంది. ఈ వరుస చిప్పులు చాలావాటికి కరెంటు మూలల్లో ఇస్తారు, దీనికి మాత్రం 5 వోల్టులు అయిదో కాలికి, గ్రౌండు పదమూడో కాలికి. అలవాటు కొద్దీ మూలల్లో ఇస్తే చిప్పు పనిచేయదు, పాడైపోవచ్చు కూడా. క్లియర్, ప్రీసెట్ కాళ్ళు వాడకపోతే గాలికి వదలకుండా 5 వోల్టులకు కట్టాలి. అంకె చూపడానికి 7447 డీకోడర్, కామన్ ఆనోడ్ డిస్‌ప్లే చాలు.

తప్పు ఎక్కడుందో అంకెలే చెబుతాయి. ఐదులో ఉండి పైకి పల్సు ఇస్తే నాలుగు వచ్చి, మళ్ళీ ఇస్తే ఐదు వచ్చి ఊగుతోందంటే T0లోని మినహాయింపు అందడం లేదు, ఆ కాలి మీద ఎప్పుడూ 1 ఉంది. సున్నా దగ్గర దిగుతుంటే ఒకటి వచ్చినా జబ్బు అదే. నాలుగు నుంచి ఎక్కితే ఐదుకు బదులు ఒకటి వచ్చిందా, Q2 ఫ్లిప్‌ఫ్లాపు K కాలు తీగకు అంటలేదు. టీటీఎల్‌లో గాలిలో ఉన్న కాలు 1 లాగా ప్రవర్తిస్తుంది. J = 0, K = 1 అంటే ఉన్నది ఉంచడం కాదు, తుడిచేయడం. అందుకే 100లోని పెద్ద బిట్టు పోయి, కింది బిట్టు మామూలుగా మారి, 001 మిగిలింది. ఒక్కసారి నొక్కితే రెండు మూడు అంకెలు గెంతుతున్నాయంటే తప్పు కౌంటర్‌ది కాదు, స్విచ్‌ది. మూసుకునేటప్పుడు దాని లోహపు రేకులు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. ప్రతి ఎగురూ ఒక పల్సే. ఆ కుదుపును మింగేసే డీబౌన్స్ సర్క్యూటు క్లాకు ముందు పెట్టాలి. లేకపోతే కొసలు పాపం రోజంతా తప్పులు సర్దుతూనే ఉంటాయి.

అయస్కాంతాలను అంతస్తు దగ్గర కాక సగం ఎత్తులో ఎందుకు పెట్టామో ఇప్పుడు చెప్పవచ్చు. అంతస్తు దగ్గరే పెట్టామనుకోండి. లిఫ్టు మూడు నుంచి దిగడం మొదలుపెట్టి, రెండుకు చేరకముందే కరెంటు పోయింది. కౌంటర్‌కు బ్యాటరీ ఉంది, అంకె 3 అలాగే ఉంది. కరెంటు పోతే పెట్టెను దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ అనే పరికరం దాన్ని మళ్ళీ మూడుకే ఎత్తింది. మూడో అంతస్తు అయస్కాంతం పల్సు ఇచ్చింది, M చూస్తే పైకి. అంకె 4 అయింది. సగం ఎత్తులో ఉన్న అయస్కాంతాన్ని లిఫ్టు దాటకుండా వెనక్కి వస్తే పల్సే ఉండదు. దాటి వెనక్కి వస్తే ఒకటి తగ్గి ఒకటి పెరుగుతుంది. రెండు విధాలా లెక్క నిలుస్తుంది.

సరిగ్గా అయస్కాంతం ఎదురుగానే ఆగి వెనక్కి మళ్ళితే మాత్రం ఈ సర్క్యూటు మోసపోతుంది. లోపలికి వచ్చినప్పుడు పల్సు లెక్కపడింది, వచ్చిన దారినే బయటికి పోయినప్పుడు పడలేదు. ఒక్క స్విచ్‌తో దీనికి మందు లేదు. కాస్త ఎడంగా రెండో స్విచ్ పెట్టి, రెండింట్లో ఏది ముందు మూసుకుందో, ఏది ముందు తెరుచుకుందో చూసి పల్సునూ దిశనూ తయారుచేసే చిన్న సర్క్యూటు కౌంటర్ ముందు పెట్టాలి. మోటార్ల షాఫ్టులకు బిగించే ఎన్‌కోడర్లు దిశను పట్టేది ఈ పద్ధతిలోనే. అలా చేసినా కౌంటర్ పట్టికలో ఒక్క వరుస కూడా మారదు, M ఎక్కడినుంచి వస్తుందన్నదే మారుతుంది. ఇక బజారులో తయారుగా దొరికే 74191 సంగతి: అదీ ఒకే క్లాకు, ఒకే దిశ కాలు ఉన్న నాలుగు బిట్ల అప్-డౌన్ కౌంటరే. కొనేముందు రెండు విషయాలు గుర్తుంచుకోండి. దాని దిశ కాలు మీద 0 ఉంటేనే పైకి, 1 ఉంటే కిందికి. పదిహేను తర్వాత అది ఆగదు, సున్నాకు తిరుగుతుంది.